యూరిన్ మాత్ర, తల తిరుగుడు, కంటి ఆపరేషన్: టామ్సులోసిన్ కథ



మన వలసల గురించి, పాత ఊళ్ల గురించి ఇంతకుముందు చాలా రాశాను. ఈసారి ఒక మాత్ర చరిత్ర రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో అరవై దాటిన మగవాళ్లుంటే మాత్రం చివరిదాకా చదవండి.

మన పెద్దవాళ్ల మందుల డబ్బా తెరిస్తే బీపీ మాత్ర, షుగర్ మాత్ర పక్కన, రాత్రి భోజనం అయ్యాక వేసుకునే ఒక క్యాప్సూల్ చాలా ఇళ్లలో ఉంటుంది. దాని పేరు ఎవరూ పలకరు. "యూరిన్ మాత్ర" అంటారు, అంతే. ప్రోస్టేట్ పెరిగి మూత్రం ధారగా రాక, రాత్రి మూడు నాలుగు సార్లు లేవాల్సి వస్తే డాక్టర్లు రాసే మందు అది. లోపలున్న మందు పేరు టామ్సులోసిన్. ఈ మందు వాడే మనిషి, లేదా ఎప్పుడో వాడి మానేసిన మనిషి, కంటి పొర ఆపరేషన్‌కి వెళ్తే ఆ సంగతి కంటి డాక్టరుకు ముందే తెలియాలి. మూత్రానికి వేసుకునే మాత్రతో కంటికి ఏం పని అని అడుగుతారు కదా. ఆ ప్రశ్నకు జవాబు యాభై ఏళ్ల కిందట జెరూసలేములో మొదలవుతుంది.

అప్పటిదాకా ప్రోస్టేట్ పెరగడమంటే గ్రంథి లావెక్కి మూత్రనాళాన్ని నొక్కేయడమని, దాన్ని కోసి తీసేయడమే దారి అని అనుకునేవారు. జెరూసలేములోని హదాసా ఆస్పత్రిలో మార్కో కెయిన్ అనే యూరాలజిస్టు, ఆయన సహచరులు ఆపరేషన్‌లో తీసిన ప్రోస్టేట్ ముక్కల్ని ద్రావణంలో ఉంచి పరీక్షించారు. నరాల చివర ఊరే నార్ఎడ్రినలిన్ తగిలితే ఆ ముక్కలు బిగుసుకున్నాయి. దాన్ని అడ్డుకునే మందు వేస్తే వదులయ్యాయి. 1975లో ఈ సంగతి ప్రచురించారు. అంటే అడ్డం రెండు రకాలుగా ఉంది. ఒకటి గ్రంథి లావు. రెండోది ఆ గ్రంథిలో, మూత్రసంచి మెడలో ఉన్న కండరం బిగింపు. మూట మూతికి తాడు బిగించినట్టు అనుకోండి. మూటలో సరుకు తగ్గించలేకపోయినా తాడు వదులు చేయవచ్చు. కత్తి లేకుండా మాత్రతో మూత్రం వదిలించవచ్చనే ఆలోచన అక్కడ పుట్టింది.

ఆ కండరం మీద నార్ఎడ్రినలిన్ వచ్చి తగిలే చోటుని ఆల్ఫా రిసెప్టర్ అంటారు. తాళం కప్ప లాంటిదనుకోండి, నార్ఎడ్రినలిన్ దాని తాళంచెవి. మందు ఏం చేస్తుందంటే ఆ కప్ప కన్నంలో తాను దూరి కూర్చుంటుంది, అసలు చెవికి చోటుండదు, కండరం బిగుసుకోదు. కెయిన్ వాడిన మొదటి మందు ఫినాక్సీబెంజమిన్. మూత్రం బాగానే వచ్చింది. కానీ తల తిరుగుడు, నీరసం ఎక్కువగా వచ్చాయి. కారణం, అదే కప్ప ఒంట్లో ఇంకా చాలా చోట్ల ఉంది, ముఖ్యంగా రక్తనాళాల గోడల్లో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి తల తిరుగుడు సంగతి చూద్దాం. మనం పడుకున్న చోటునుంచి లేచి నిలబడగానే అర లీటరు పైన రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. అలా వదిలేస్తే మెదడుకు రక్తం చాలదు. మెడ దగ్గర, గుండె పైనున్న పెద్ద ధమనిలో పీడనాన్ని కనిపెట్టే నరాలున్నాయి. అవి క్షణాల్లో పసిగట్టి, నార్ఎడ్రినలిన్ ద్వారా రక్తనాళాల్ని బిగించి, గుండెను కొంచెం వేగంగా కొట్టించి పీడనం నిలబెడతాయి. మనకు ఇదేదీ తెలియదు, లేచి నడిచిపోతాం. ఆ బిగించే తాళాన్నే మందు మూసేస్తే రక్తం కిందే ఉండిపోతుంది. కళ్లు చీకట్లు కమ్ముతాయి, తల తిరుగుతుంది, కొందరు పడిపోతారు. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ అంతకంటే ఎక్కువగా గానీ పడితే డాక్టర్లు దాన్ని నిలబడితే వచ్చే బీపీ పడిపోవడంగా లెక్కేస్తారు.

1970లలోనే బీపీకి ప్రాజోసిన్ అనే మందు వచ్చింది. అదీ ఆల్ఫా తాళం మూసేదే. మొదటి మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో లేచి నిలబడి స్పృహ తప్పి పడిపోయిన వాళ్లుండడంతో "మొదటి డోసు ప్రభావం" అని దానికి పేరే పెట్టారు. మొదటి మాత్ర చిన్న డోసులో, రాత్రి పడుకునే ముందు వేసుకోమని చెప్పడం అప్పట్లో మొదలైంది. తర్వాత టెరాజోసిన్, డాక్సాజోసిన్ వచ్చాయి. అమెరికాలో 1993లో ఒకటి, 1995లో ఒకటి ప్రోస్టేట్‌కి అనుమతి పొందాయి. పని చేసేవి. కానీ 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, బీపీ చూసుకుంటూ వారాల తరబడి పెంచుకుంటూ పోవాలి. డెబ్బై ఏళ్ల మనిషికి, పైగా బీపీ మాత్ర కూడా వేసుకునే మనిషికి ఇది చిక్కు. రాత్రి మూత్రానికి లేవడం తగ్గాలని మాత్ర ఇస్తే, ఆ లేచినప్పుడే పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఏం లాభం?

అందుకని మందుల పరిశోధకులు తాళాల్నే విడివిడిగా చూడడం మొదలుపెట్టారు. ఆల్ఫా-1 అనుకున్నది ఒకటే తాళం కాదని, 1-ఎ, 1-బి, 1-డి అని మూడు రకాలున్నాయని తేలింది. ప్రోస్టేట్ కండరంలో ఎక్కువగా ఉండేది 1-ఎ. నిలబడినప్పుడు రక్తనాళాల్ని బిగించడంలో 1-బి పాత్ర ఎక్కువ, ముఖ్యంగా వయసు మళ్లిన వాళ్లలో. మరి 1-బి జోలికి అంతగా పోకుండా 1-ఎ ని పట్టుకునే మందు దొరికితే? అలా దొరికినదే టామ్సులోసిన్. జపాన్‌లో యమనౌచి అనే కంపెనీ తయారుచేసింది. 1993లో హార్నాల్ అనే పేరుతో అక్కడి బజారులోకి వచ్చింది. 1997లో అమెరికాలో ఫ్లోమాక్స్ అనే పేరుతో అనుమతి వచ్చింది. మన దేశంలో ఇప్పుడు చాలా కంపెనీలు రకరకాల పేర్లతో చేస్తున్నాయి. మామూలు డోసు 0.4 మిల్లీగ్రాములు, రోజుకొకటి. మెల్లిగా పెంచుకుంటూ పోవాల్సిన పని లేదు, మొదటి రోజే పూర్తి డోసు వేసుకోవచ్చు. అందుకే అంత త్వరగా పాకిపోయింది.

తల తిరుగుడు తగ్గింది, పోలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. రోజూ ఒకే పూట భోజనం తర్వాత అరగంటకి వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కువ చేరుతుంది, బీపీ పడే అవకాశం పెరుగుతుంది. అమెరికాలో ఈ మందు వాడిన మగవాళ్ల లెక్కలు తీసి 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఆస్పత్రిలో చేరేంతగా బీపీ పడిపోవడం మందు మొదలుపెట్టిన మొదటి ఎనిమిది వారాల్లో ఎక్కువగా కనిపించింది. మధ్యలో ఆపేసి మళ్లీ మొదలుపెట్టిన వాళ్లలో కూడా అదే జరిగింది. ఒళ్లు అలవాటు పడిందనుకున్న మందు కూడా, నాలుగు రోజులు మానేస్తే మళ్లీ కొత్త మందు కిందే లెక్క. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఇక కంటి సంగతి.

నల్లగుడ్డులో కనిపించే గుండ్రటి రంగు తెరని ఐరిస్ అంటారు. దాని నడిమి రంధ్రమే కంటిపాప. వెలుతురు ఎక్కువైతే చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. దాన్ని విప్పే సన్నటి కండరం ఐరిస్‌లో చక్రం ఆకుల్లా పరుచుకుని ఉంటుంది. ఆ కండరానికున్న తాళం ఏ రకమనుకున్నారు? అదే 1-ఎ. ప్రోస్టేట్‌నీ రక్తనాళాల్నీ వేరు చేసి చూసి, రక్తనాళాల్ని తప్పించుకున్నామని సంతోషపడిన మందు, నేరుగా కంటిలోని తాళం మీద కూర్చుంది. దీన్ని ఎవరూ ఊహించలేదు. మామూలు రోజుల్లో దానివల్ల చూపుకి ఇబ్బందేమీ ఉండదు కాబట్టి రోగికీ తెలియలేదు, యూరాలజిస్టుకీ తెలియలేదు. తెలిసేది ఒక్కచోటే, కంటి పొర తీసే ఆపరేషన్ బల్ల మీద.

ఆ ఆపరేషన్ ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. ముందు చుక్కలు వేసి కంటిపాపని బాగా విప్పుతారు, ఆ కిటికీలోంచే పనంతా చేయాలి కాబట్టి. నల్లగుడ్డు అంచున మూడు మిల్లీమీటర్ల లోపు చిన్న కోత పెట్టి, సన్నటి సూది లాంటి పరికరంతో గట్టిపడిన లెన్సుని ముక్కలు చేసి పీల్చేస్తారు. పని జరుగుతున్నంత సేపూ కంటిలోకి సెలైన్ పారుతూనే ఉంటుంది. లెన్సు ఉండే సంచిని మాత్రం అలాగే ఉంచి, అందులో కొత్త కృత్రిమ లెన్సు కూర్చోబెడతారు. ఆ సంచి వెనక గోడ వెంట్రుకలో పదో వంతు మందం కూడా ఉండదు. అది చిరిగితే వెనకున్న జిగురు పదార్థం ముందుకొస్తుంది, లెన్సు ముక్క కంటి అడుగుకి జారవచ్చు, ఇంకో ఆపరేషన్ అవసరం పడవచ్చు, చూపు దెబ్బతినవచ్చు. డాక్టరు కన్ను ఎప్పుడూ ఆ గోడ మీదే ఉంటుంది.

కొందరు మగ రోగుల్లో మాత్రం ఒక వింత కనబడుతుండేది. కంటిపాప మొదట ఓ మాదిరిగా విప్పుకునేది. సెలైన్ పారడం మొదలవగానే ఐరిస్ తెర పట్టు లేకుండా, గాలికి పల్చటి పంచె అంచు ఎగిరినట్టు అల్లాడేది. కోత పెట్టిన చోటునుంచి బయటికి తోసుకొచ్చేది. పని నడుస్తుండగానే కంటిపాప కొంచెం కొంచెంగా ముడుచుకుపోయేది. సగం పనిలో కిటికీ మూసుకుపోయినట్టు. ముసలితనం వల్లనో, షుగర్ వల్లనో అనుకుని సర్దుకుపోయేవారు. అమెరికాలో మందు వచ్చింది 1997లో అని చెప్పాను కదా. కారణం బయటపడడానికి ఎనిమిదేళ్లు పట్టింది. నన్నడిగితే ఇందులో ఆశ్చర్యం లేదు. కంటి ఆస్పత్రిలో ఎవరూ ప్రోస్టేట్ గురించి అడగరు, రోగి తనంతట తాను చెప్పడు.

కాలిఫోర్నియాలో జాన్ కాంప్‌బెల్, డేవిడ్ ఛాంగ్ అనే ఇద్దరు కంటి డాక్టర్లు ఈ ముడి విప్పారు. ముందు పాత ఆపరేషన్ల కాగితాలు తిరగేశారు. తర్వాత ఛాంగ్ వరసగా చేసిన 900 ఆపరేషన్లు గమనించి లెక్క పెట్టారు. 741 మంది రోగుల్లో 16 మందికి ఈ మెత్తబడిన ఐరిస్ కనిపించింది. ఆ 16 మందిలో 15 మంది టామ్సులోసిన్ వాడుతున్నవాళ్లో, అంతకుముందు వాడినవాళ్లో. 2005 ఏప్రిల్‌లో ఇది కంటి డాక్టర్ల పత్రికలో వచ్చింది. ఆపరేషన్ వేళ పట్టు తప్పే ఐరిస్ అనే అర్థంలో దానికి ఇంగ్లీషులో పేరు పెట్టారు. పొడి అక్షరాల్లో ఐ.ఎఫ్.ఐ.ఎస్. అంటారు. ఆ ఏడాదే అమెరికాలో మందు కాగితంలో ఈ హెచ్చరిక చేర్చారు.

ఇంత చెప్పాక భయపడి మాత్ర మానేస్తారేమోనని నా భయం. అందుకే రెండు లెక్కలు పక్కపక్కన పెడతాను. కెనడాలోని ఒంటారియోలో 66 ఏళ్లు, ఆ పైబడిన 96 వేల మందికి పైగా మగవాళ్ల పొర ఆపరేషన్ల వివరాలు చూసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆపరేషన్‌కి ముందు రెండు వారాల్లో టామ్సులోసిన్ వాడిన వాళ్లలో, తర్వాత పెద్ద చిక్కులు రావడం సుమారు రెండు రెట్లకు పైగా ఉంది. రెండు రెట్లంటే పెద్దగా వినబడుతుంది గానీ, మొత్తం మీద చిక్కులే అరుదు. వాళ్ల లెక్కలో ఈ మందు వాడే 255 మందికి ఆపరేషన్ చేస్తే ఒకరికి అదనంగా చిక్కు వస్తుంది.

రెండో లెక్క 2007లోది, నాకు ఇదే ముఖ్యం. టామ్సులోసిన్ వాడుతున్నారని డాక్టరుకు ముందే తెలిసి, దానికి తగిన జాగ్రత్తలతో చేసిన 167 కళ్ల ఆపరేషన్లలో సంచి వెనక గోడ చిరిగింది ఒక్క కంట్లోనే. మందు ఒంట్లో ఉండగానే అంత బాగా జరిగాయి. డాక్టరుకు ముందే తెలియడం వల్ల ఎంత తేడా వస్తుందో ఈ అంకె చెబుతుంది.

తెలిస్తే డాక్టరు ఏం చేస్తారు? కొందరు ముందుగా ఇంకా గట్టి చుక్కలు వేస్తారు. అట్రోపిన్ చుక్కలు వేసే పద్ధతీ ఉంది, అయితే ప్రోస్టేట్ ఉన్నవాళ్లకి అట్రోపిన్ మూత్రం బిగబట్టించవచ్చు కాబట్టి చూసి వాడతారు. ఆపరేషన్ మొదట్లోనే ఫినైలెఫ్రిన్ లాంటి మందు కంటి లోపలికే ఎక్కించి ఐరిస్‌కి పట్టు తెప్పిస్తారు. సెలైన్ ధార నెమ్మది చేస్తారు. చిక్కటి జెల్‌తో తెరని వెనక్కి అదిమి ఉంచుతారు. అవసరమైతే సన్నటి కొక్కేలు పెట్టి నాలుగు వైపులా లాగి పట్టుకుంటారు, లేదా మాస్కో డాక్టరు బోరిస్ మల్యూగిన్ పేరు మీదున్న చిన్న రింగు కంటిపాపలో కూర్చోబెట్టి, పనయ్యాక తీసేస్తారు. వీటిలో ఏదీ చివరి నిమిషంలో వెతుక్కునే వస్తువు కాదు. ముందే తెలిస్తే బల్ల పక్కన సిద్ధంగా ఉంటుంది. అలవాటున్న డాక్టరు చేతికి ఆ కేసు అప్పగించే వీలూ ఉంటుంది.

మన సంఘంలోనే ఒక పెద్దాయనకి జరిగింది చెబుతాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నారు. వయసు 72. బీపీకి, షుగర్‌కి మాత్రలున్నాయి. ఐదేళ్లుగా యూరిన్ మాత్ర కూడా ఉంది, టామ్సులోసిన్, దుటాస్టెరైడ్ కలిపిన క్యాప్సూల్. కుడి కంటికి పొర ఆపరేషన్ అనుకున్నారు. తోడుగా కోడలు వెళ్లింది. ఆస్పత్రిలో తమిళంలో అడిగారట, బీపీ ఉందా, షుగర్ ఉందా, రక్తం పల్చన చేసే మాత్ర ఉందా అని. ఉన్నవి చెప్పారు. వేరే మాత్రలేమైనా ఉన్నాయా అంటే లేవన్నారు. కోడలికి ఆ క్యాప్సూల్ సంగతి తెలుసు.

"మామయ్యా, రాత్రి వేసుకునే మాత్ర చెప్పలేదే?" అని బయటికొచ్చాక అడిగిందట.

"అది కంటికి సంబంధించింది కాదులేమ్మా" అన్నారాయన.

కోడలి ముందు మూత్రం సంగతి మాట్లాడడం ఆయనకి మొహమాటం. ఆమెకీ రెట్టించి అడగడం బాగుండదనిపించింది. మన ఇళ్లలో ఇది ఎంత మామూలో మీకు తెలుసు.

కుడి కన్ను ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో అవుతుందన్నది గంట దాటింది. మధ్యలో కంటిపాప ముడుచుకుపోయింది, ఐరిస్ కోతలోంచి బయటికొచ్చింది. డాక్టరు చేయి తిరిగిన మనిషి కాబట్టి సంచి చిరగకుండా గట్టెక్కించారు. కానీ కన్ను వాచింది, చూపు తేటపడడానికి వారం అనుకున్నది నెల పైన పట్టింది. మర్నాడు కట్టు విప్పుతూ ఆ డాక్టరే అడిగారు, "ప్రోస్టేట్‌కి మాత్ర వేసుకుంటున్నారా?" అని. అప్పుడు బయటపడింది.

కథ అక్కడ అయిపోలేదు. ఎడమ కన్ను ఇంకా ఉంది కదా. "ఆ మాత్ర మానేస్తే సరి" అని బంధువొకాయన సలహా ఇచ్చాడు. ఎవర్నీ అడక్కుండా మానేశారు. నాలుగో రోజునుంచే మూత్రం చుక్కలు చుక్కలుగా రావడం మొదలైంది. పదో రోజుకి తట్టుకోలేక మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజు ఏకాదశి, ఉపవాసం. ఖాళీ కడుపుతోనే క్యాప్సూల్ వేసుకుని పడుకున్నారు. తెల్లవారుజామున మూడింటికి బాత్రూముకని గబుక్కున లేచి రెండడుగులు వేసేసరికి కళ్లు చీకట్లు కమ్మి గోడ పట్టుకుని జారి కూర్చుండిపోయారు. ఎముక విరగలేదు, అదృష్టం. పొద్దున ఫ్యామిలీ డాక్టరు పడుకోబెట్టి చూస్తే బీపీ 138/80. నిలబెట్టి ఒక నిమిషం తర్వాత చూస్తే 112/70. పై బీపీ 26 పడింది. ఇందాక చెప్పిన గీత దాటిందన్నమాట. పది రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టడం, ఖాళీ కడుపు, దానికితోడు బీపీ మాత్ర, మూడూ కలిశాయి.

మానేయడం వల్ల కంటికైనా లాభం ఉందా అంటే, అదీ నమ్మకం లేదు. మందు మానేసి ఏడాది దాటిన వాళ్లలో కూడా ఐరిస్ మెత్తగానే ఉన్న కేసులున్నాయి. తాళం చాలాకాలం మూసి ఉంచితే ఆ సన్నటి కండరం క్షీణించిపోతుందేమోనని డాక్టర్ల అనుమానం. అందుకే ఆపరేషన్ కోసం మందు ఆపమని మామూలుగా చెప్పరు. ఆపాలా వద్దా అన్నది యూరాలజిస్టు, కంటి డాక్టరు తేల్చాల్సింది, బంధువులు కాదు.

ఫ్యామిలీ డాక్టరు బీపీ మాత్ర వేళ మార్చారు, క్యాప్సూల్ భోజనం తర్వాతే వేసుకోమన్నారు. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాళ్లు కిందపెట్టి రెండు నిమిషాలు కూర్చుని, కాలి మడమలు నాలుగుసార్లు ఆడించి, అప్పుడు లేవమన్నారు. ఎడమ కన్నుకి ఆరు నెలల తర్వాత వెళ్లారు. ఈసారి కొడుకు వెళ్లాడు, మాత్రల అట్టలన్నీ కవర్లో వేసుకుని. డాక్టరు చూసి, చీటీ మీద పెద్దక్షరాలతో రాసుకుని, రింగు సిద్ధం చేసుకున్నారు. పని అరగంటలో అయిపోయింది. నాలుగో రోజుకి పేపరు చదివారు.

ఇంకో సంగతి. టామ్సులోసిన్ ఒక్కటే కాదు. 2006లో జపాన్‌లో సైలోడోసిన్ అనే మందు వచ్చింది, మన డాక్టర్లూ బాగానే రాస్తున్నారు. అది 1-ఎ తాళాన్ని ఇంకా గట్టిగా ఎంచుకుని పట్టుకుంటుంది. కాబట్టి కంటి విషయంలో దానికీ ఇదే జాగ్రత్త కావాలి. ఆల్ఫుజోసిన్, టెరాజోసిన్, డాక్సాజోసిన్, బీపీకి వాడే ప్రాజోసిన్, వీటితో కంటి చిక్కు తక్కువ, కానీ లేకపోలేదు. అట్ట మీద పేరు చివర "ఓసిన్" అని వినబడితే డాక్టరుకు చూపించండి. రెండు మందులు కలిపిన క్యాప్సూల్ అయితే పెద్దక్షరాల కంపెనీ పేరు చూసి ఆగకండి, కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు పేర్లు చదవండి. కిడ్నీ రాయి కిందికి జారడానికి కూడా టామ్సులోసిన్ కొన్ని వారాలు ఇస్తారు. అప్పుడు ఆడవాళ్లకీ ఇస్తారు. మూడేళ్ల కిందట రాయికి వేసుకున్న మాత్ర ఆడవాళ్లు కంటి ఆస్పత్రిలో ఎందుకు చెబుతారు? అసలు గుర్తే ఉండదు.

కార్యవర్గానికి ఒక మనవి. మన సంఘం తరఫున కంటి శిబిరం పెట్టినప్పుడు పేరు రాయించుకునే కాగితంలో బీపీ, షుగర్ అని రెండు గళ్లే ఉంటున్నాయి. మూడో గడి కలపండి: "మూత్రం సాఫీగా రావడానికి గానీ, కిడ్నీ రాయికి గానీ మాత్ర వాడుతున్నారా, ఎప్పుడైనా వాడారా?" మన వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లుగానీ చదవలేనివాళ్లు చాలామంది ఉన్నారు, కాబట్టి తమిళంలోనూ అచ్చు వేయించాలి. మగవాళ్ల వరస దగ్గర అడగడానికి మగ వాలంటీర్‌ని కూర్చోబెట్టండి, కోడళ్లని, కూతుళ్లని కాస్త దూరంగా కూర్చోమని చెప్పి అడగండి. వచ్చే శిబిరానికి ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను.